సోమవారం ఉదయం బిల్లింగ్ యాప్ ఆగిపోవడం గురించి

జూన్ 16, 2025, సోమవారం సాయంత్రం 6 గంటలు

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వ్యాపార మిత్రులకు నమస్కారం.

ఈ ఉదయం 9:52 నుంచి మధ్యాహ్నం 12:10 వరకు మన బిల్లింగ్ యాప్ సరిగా పనిచేయలేదు. ఇప్పుడు పనిచేస్తోంది. మీ పాత బిల్లులు, స్టాకు లెక్కలు, ఉద్దెర ఖాతాలు ఏవీ పోలేదు. యాప్ ఆగిన సమయంలో ఫోన్లో చేసిన బిల్లులు ఆ ఫోన్లోనే భద్రంగా ఉండి, తర్వాత చాలావరకు మా దగ్గరికి చేరాయి. కొన్ని రెండుసార్లు చేరాయి. వాటిని ఏం చేయాలో కింద రాశాం.

వానాకాలం విత్తనాలకూ ఎరువులకూ గిరాకీ మొదలైన వేళ, అదీ సోమవారం పొద్దున, కౌంటర్ ముందు మనుషులు నిలబడి ఉండగా బిల్లు రాకపోతే ఎంత ఇబ్బందో మీరు చేసిన ఫోన్లలోనే తెలిసింది. మమ్మల్ని క్షమించండి. మా ఇంజనీర్లు రాసిన నివేదిక చాలా పొడవుగా ఉంది. అందులో మీ దుకాణానికి అవసరమైన విషయాలనే ఇక్కడ మామూలు మాటల్లో చెబుతున్నాం.

ఈ రాత్రే చూసుకోవాల్సినవి

మొదటిది ఈ-వే బిల్లు. ₹50,000 దాటిన సరుకును లారీలో పంపేవారు ఉదయం మన యాప్ ఆగిపోవడంతో నేరుగా ప్రభుత్వ వెబ్‌సైట్‌కు వెళ్లి ఈ-వే బిల్లు తీసుకుని ఉంటారు. సరైన పనే చేశారు. అయితే అదే సరుకుకు మన యాప్‌లోనూ బిల్లు కొట్టి వదిలేసి ఉంటే, మధ్యాహ్నం యాప్ తేరుకోగానే దానంతట అదే ఇంకో ఈ-వే బిల్లు తీసి ఉండవచ్చు. ఒక లారీకి రెండు అక్కర్లేదు. డ్రైవర్ చేతిలో ఉన్న కాగితం మీది నంబరు చూసుకుని, దాన్ని అలాగే ఉంచి, రెండోదాన్ని రద్దు చేయండి. ఈ-వే బిల్లు తీసిన 24 గంటల్లోపే రద్దు చేయడానికి వీలుంటుంది, దారిలో అధికారులు తనిఖీ చేసిన బిల్లు అయితే అదీ కుదరదు. అందుకే దీన్ని ముందు చెబుతున్నాం. ఏ నంబరు రద్దు చేయాలో తేలకపోతే తొందరపడవద్దు, ముందు మాకు ఫోన్ చేయండి. పొరపాటున లారీలో ఉన్న కాగితమే రద్దయితే సరుకు దారిలో ఆగుతుంది.

రెండోది, ఫోన్లోంచి యాప్‌ను తీసేయవద్దు. యాప్ మొరాయిస్తే తీసేసి మళ్లీ ఎక్కించుకోవడం మనలో చాలామందికి అలవాటు. మామూలు రోజుల్లో అందులో తప్పేమీ లేదు. ఈ రోజు మాత్రం, ఉదయం వాడిన ఫోన్లో ఇంకా మాకు చేరని బిల్లులు ఉండవచ్చు, యాప్ తీసేస్తే వాటిని తిరిగి తెచ్చే మార్గం మా దగ్గర లేదు. దుకాణంలో పనిచేసే కుర్రాడి ఫోను, ఇంటి దగ్గర పెట్టి వచ్చిన రెండో ఫోను, ఏదైనా సరే, ఉదయం దానిలో బిల్లు కొట్టి ఉంటే ఒకసారి ఇంటర్నెట్ ఉన్న చోట యాప్ తెరిచి రెండు నిమిషాలు ఉంచండి. పైన ‘అన్నీ చేరాయి’ అని ఆకుపచ్చ రంగులో కనిపిస్తే చాలు.

రెండుసార్లు పడిన బిల్లులు

ఎలా జరిగిందో ఒక ఉదాహరణ చూడండి. ఒక ఎరువుల దుకాణంలో 11:07కు ₹3,460 బిల్లు కొట్టారు. ఫోను దాన్ని మాకు పంపింది, మా దగ్గర 1184 నంబరుతో అది నమోదైంది. ‘చేరింది’ అని మా యంత్రం తిరిగి చెప్పేలోపు మళ్లీ ఆగిపోయింది. జవాబు రాని ఫోను, చేరలేదేమో అనుకుని అదే బిల్లును మళ్లీ పంపింది. అది 1191గా నమోదైంది. పేరు, సరుకు, సమయం, మొత్తం అన్నీ ఒకటే, నంబరు ఒక్కటే వేరు. స్టాకులో సంచులు రెండింతలు తగ్గినట్లు చూపించింది. ఉద్దెర ఖాతాలోనూ ఆ రైతు పేరు మీద ₹3,460 బదులు ₹6,920 పడింది.

ఇలాంటి జంట బిల్లులను ఇప్పటివరకు 212 గుర్తించాం. రేపు మధ్యాహ్నానికల్లా మేమే సరిచేస్తాం. మీరు వాటిని తుడిచేయవద్దు. జీఎస్టీ నిబంధనల ప్రకారం బిల్లు నంబర్లు వరుసగా ఉండాలి. మధ్యలో ఒక నంబరు మాయమైతే రేపు ఎవరైనా అడిగినప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది మీరే. కాబట్టి రెండో బిల్లు తన నంబరుతోనే ఉంటుంది, దాని మీద ‘రద్దు’ అని పడుతుంది. జీఎస్టీఆర్-1లో ఎన్ని బిల్లులు ఇచ్చారు, ఎన్ని రద్దు చేశారు అని చూపించడానికి 13వ పట్టిక ఉంది, ఆ లెక్క అందులోకి వెళ్తుంది. స్టాకు, బాకీ కూడా అప్పుడే సరైపోతాయి.

ఉద్దెర బాకీ మెసేజ్‌ల గురించి కూడా చెప్పాలి. జంట బిల్లుల వల్ల కొందరు రైతుల ఫోన్లకు బాకీ రెండింతలుగా చూపిస్తూ మెసేజ్ వెళ్లింది. మీ మీద నమ్మకంతో ఉద్దెర తీసుకున్న మనిషికి అలాంటి మెసేజ్ వస్తే ఎలా ఉంటుందో మేం ఊహించగలం. వారందరికీ ఈ రాత్రి 8 గంటలకు సరైన మొత్తంతో మరో మెసేజ్ పంపుతున్నాం, పొరపాటు మాదే తప్ప దుకాణదారుది కాదని అందులో రాశాం. ఎవరైనా మిమ్మల్ని అడిగితే నిర్భయంగా మా పేరే చెప్పండి.

చేతితో రాసిన బిల్లులు, ఫోన్‌పే డబ్బులు

యాప్ ఆగినప్పుడు బిల్లు పుస్తకం తీసి చేతితో రాసినవారు చాలామంది ఉన్నారు. ఆ బిల్లులు చెల్లుతాయి. వాటికి యాప్ నంబర్లు ఇవ్వాల్సిన పని లేదు, పుస్తకం నంబర్లు మరో వరుసగా ఉండవచ్చు. తీరిక దొరికినప్పుడు ‘చేతి బిల్లు’ అనే చోట అదే నంబరుతో ఎక్కించండి. ఈ వారంలో ఎప్పుడైనా సరే.

యాప్‌లో కనిపించే క్యూఆర్ మీ సొంత బ్యాంకు ఖాతాదే. కొనుగోలుదారు పంపిన డబ్బు నేరుగా మీ బ్యాంకుకు వెళ్తుంది, మధ్యలో మా చేతికి రాదు. ఉదయం ఆగిపోయింది ‘చెల్లించారు’ అనే గుర్తు మాత్రమే. ఆ గుర్తు లేని బిల్లులను బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసుకోండి. ఒకవేళ కొన్నవారి ఖాతాలో డబ్బు తగ్గి, మీకు రాకపోతే అది బ్యాంకుల మధ్య విషయం. రిజర్వు బ్యాంకు 2019లో పెట్టిన నియమం ప్రకారం దుకాణానికి చేసిన యూపీఐ చెల్లింపు ఇలా మధ్యలో ఆగితే 5 రోజుల్లోగా డబ్బు కట్టినవారి ఖాతాకు దానంతట అదే తిరిగి వెళ్లాలి. ఆపై ఆలస్యానికి బ్యాంకు రోజుకు ₹100 చొప్పున పరిహారం ఇవ్వాలి. ఈ మాట వారికి కూడా చెప్పండి, సగం గొడవ అక్కడే తీరుతుంది.

ఈ నెల 20వ తేదీలోగా కట్టాల్సిన 3బి గురించి కూడా చాలామంది అడిగారు. అది మే నెల లెక్క, ఈ రోజు జరిగిన దానితో సంబంధం లేదు. ఈ రోజు బిల్లులు జూలైలో వేసే రిటర్నులోకి వస్తాయి, అప్పటికి అన్నీ సరిగా ఉంటాయి. యూరియా అమ్మేటప్పుడు రైతు వేలిముద్ర తీసుకునే ప్రభుత్వ యంత్రం కూడా వేరే వ్యవస్థ. ఉదయం అది నెమ్మదించి ఉంటే కారణం మేం కాదు.

అసలు ఎందుకు ఆగింది

ఎవరో లోపలికి చొరబడ్డారా అని కొందరు అడిగారు. లేదు. మీ బిల్లులన్నీ నమోదయ్యే మా యంత్రంలో చోటు నిండిపోయింది. చిట్టా పుస్తకంలో కాగితాలు అయిపోతే పాత లెక్కలన్నీ చదవడానికి ఉంటాయి గానీ కొత్త పద్దు రాయడానికి చోటుండదు కదా, అదే పరిస్థితి. చోటును నింపింది మీ బిల్లులు కాదు. యాప్‌లో జరిగే ప్రతి చిన్న పనినీ మా ఇంజనీర్ల పరిశీలన కోసం అది రాసి పెట్టుకుంటుంది. శనివారం చేసిన మార్పు తర్వాత ఆ రాతలు మామూలుకంటే ఎన్నో రెట్లు పెరిగాయి. ఆదివారం బేరాలు తక్కువ కాబట్టి బయటపడలేదు. సోమవారం దుకాణాలు తెరిచేసరికి చోటు పూర్తిగా అయిపోయింది. చోటు తగ్గుతోందన్న హెచ్చరిక ఆదివారం రాత్రే వచ్చింది, కానీ అది ఈమెయిల్‌గా వచ్చింది, తెల్లవారేదాకా ఎవరూ చూడలేదు.

మరి రెండో యంత్రం ఉండాలి కదా అని మీలో తెలిసినవారు అడుగుతారు. ఉంది. మొదటిది చెడితే వెంటనే దానికి మారాలన్నదే ఏర్పాటు. అయితే 10:35కు చూస్తే అది మొదటిదానికంటే ఆరు నిమిషాలు వెనకబడి ఉంది. అప్పుడే మారి ఉంటే యాప్ వెంటనే తెరుచుకునేది, ఆ ఆరు నిమిషాల బిల్లులు మాత్రం పోయేవి. ఆలస్యమైనా ఒక్క బిల్లు కూడా పోకూడదని మొదటి యంత్రంలోనే చోటు ఖాళీ చేశాం. 11:05కు తెరిస్తే అప్పటిదాకా ఆగిన ఫోన్లన్నీ ఒక్కసారిగా మీద పడటంతో మళ్లీ తడబడింది. ఊరి తర్వాత ఊరు చొప్పున విడతలుగా వదిలాక 12:10కి కుదుటపడింది.

ఇంజనీర్ల రాతలను ఈ మధ్యాహ్నమే వేరే యంత్రానికి మార్చాం. ఇక అవి ఎంత పెరిగినా మీ బిల్లుల చోటును తాకవు. హెచ్చరిక ఇప్పుడు ఇద్దరి ఫోన్లకు వెళ్తుంది, ఒకరు ఎత్తేదాకా మోగుతూనే ఉంటుంది. రెండో యంత్రం వెనకబడిందా లేదా అని రోజూ దుకాణాలు తెరవకముందే చూస్తాం. ఒకే బిల్లు రెండోసారి వస్తే గుర్తుపట్టి ఆపే ఏర్పాటు ఇంకా పరీక్షలో ఉంది. దాన్ని జూన్ 22, ఆదివారం రాత్రి 11 నుంచి 12 గంటల మధ్య పెడతాం, ఆ గంట యాప్ పనిచేయదు. అప్పటిదాకా బిల్లు ఆలస్యమైతే బటన్‌ను మళ్లీ మళ్లీ నొక్కవద్దు.

ఈ అంతరాయానికి అందరి చందా గడువునూ మూడు రోజులు పొడిగించాం, ఎవరూ అడగాల్సిన పని లేదు. నష్టం ఇంతకంటే ఎక్కువ జరిగినవారు వివరాలతో రాస్తే విడిగా మాట్లాడతాం.

యాప్‌లో ‘సహాయం’ నొక్కితే మా మనిషి లైన్లోకి వస్తారు. ఈ రాత్రి 10 గంటల వరకు, రేపు ఉదయం 7 నుంచి అందుబాటులో ఉంటాం. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి మా కార్యాలయానికి ఫోన్ తీసుకుని వస్తే దగ్గర కూర్చుని సరిచేసి ఇస్తాం. జంట బిల్లుల పని పూర్తయిందని రేపు మధ్యాహ్నం 2 గంటలకు మెసేజ్ పంపుతాం, పూర్తికాకపోయినా ఎంతవరకు వచ్చిందో అదే సమయానికి చెబుతాం.

వినియోగదారుల సేవా విభాగం
నల్లగొండ