పచ్చదారం

నాగేశ్వర్రావు మాస్టారు నోరు విప్పగా విన్నవాళ్లు మా వీధిలో తక్కువ. తెనాలి గంగానమ్మపేటలో ఇరవై ఏళ్లుగా ఆడవాళ్ల జాకెట్లు కుడుతున్నారు గానీ, ఎవరి ముఖంలోకీ చూసి మాట్లాడరు. ఆది జాకెట్టు బల్ల మీద పెడితే తీసుకుంటారు. "భుజం కాస్త జారుతోంది మాస్టారూ" అంటే తల ఊపి నోటుబుక్కులో రాసుకుంటారు. కూతురు ఫోన్ కొనిచ్చి వాట్సాప్ పెట్టించాక ఆ కాస్త పలకరింపు కూడా తప్పింది. హ్యాంగరుకు తగిలించిన జాకెట్టు ఫొటో వచ్చిందంటే కుట్టడం అయిపోయిందని అర్థం. రెండు దారపు రీళ్లు పక్కపక్కన ఉన్న ఫొటో వస్తే ఏ రంగు వెయ్యమంటారని. కింద ఒక్క అక్షరం ఉండదు. మాకందరికీ అలవాటైపోయింది.

మా సింధు నిశ్చితార్థానికి అమ్మమ్మ చీరే కట్టుకుంటానని పట్టుబట్టింది. 1971లో మా అమ్మ పెళ్లికి కొన్న ధర్మవరం పట్టు. ఎర్రచీర, ఆకుపచ్చ అంచు. దాని మీది ఎర్ర జాకెట్టు కూడా నా బీరువాలోనే ఉంది. అమ్మ పోయి రెండేళ్లయింది. ఆవిడ తొడుక్కున్న జాకెట్లలో నేను దాచుకున్నది అదొక్కటే.

"పక్క కుట్లు విప్పి కాస్త వదులు చెయ్యాలి మాస్టారూ. మా అమ్మది, జాగ్రత్త."

ఆయన రెండు చేతులతో అందుకున్నారు. ఎడమవైపు పక్క కుట్టు తిరగేసి, లోపల మడతలో ఎంత గుడ్డ ఉందో వేలితో చూసుకుని తల ఊపారు.

మూడో రోజు రాత్రి పదింటికి ఫొటో వచ్చింది. ట్యూబులైటు వెలుగులో, కత్తిరింపు బల్ల మీద, అమ్మ జాకెట్టు. కుడి చంక కింద బెత్తెడు చినుగు. పట్టు పోగులు దూదిలా పైకి లేచి ఉన్నాయి. ఆ పక్కనే సుద్దతో గీసిన సున్నా. పైన ఏమీ రాయలేదు, కింద ఏమీ రాయలేదు.

నా చేతులు చల్లబడ్డాయి. చించేశారు. జాగ్రత్త అని చెప్పి మరీ ఇస్తే చించేశారు. ఫొటోను వేళ్లతో పెద్దది చేసి ఆ చినుగునే చూశాను. సున్నా కూడా కనబడింది గానీ, ఎంత మేర పాడైందో చూపించడానికి గీసి ఉంటారనుకున్నాను. మా ఆయన్ని లేపి చూపిస్తే, "ఫోన్ చేసి అడుగు" అని అటు తిరిగి పడుకున్నారు. నంబరు దాకా వెళ్లి ఆగిపోయాను. ఆ మనిషిని ఏమని అడగను? నా గొంతు వింటేనే సగం చచ్చిపోతారు. ఒప్పుకోవడానికి మాటలు రాకే గదా ఫొటో పెట్టింది. ఆ రాత్రి ఆ కొట్లో ఆయనొక్కరే కూర్చుని ఆ జాకెట్టు వంక చూస్తూ ఉండి ఉంటారనిపించేసరికి నా కోపం ఎటు పోయిందో తెలీదు. ఏడుపు మాత్రం మిగిలింది. కళ్లు తుడుచుకుని రాశాను.

"పరవాలేదు మాస్టారూ. వదిలెయ్యండి."

రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

మర్నాడు బజారుకెళ్లి ఎర్ర పట్టుగుడ్డ మీటరు కొన్నాను. సింధుకి విషయం చెప్పలేదు. నాలుగు రోజులు పోయాక, గురువారం పొద్దున, హ్యాంగరుకు తగిలించిన అమ్మ జాకెట్టు ఫొటో వచ్చింది. అంటే అయిపోయిందనా? ఏం అయిపోయింది? కొత్త గుడ్డ సంచిలో వేసుకుని కొట్టుకి బయల్దేరాను. ఆయన్ని ఓదార్చాలని దారంతా మాటలు కూర్చుకున్నాను కూడా.

మాస్టారు మిషను ఆపి లేచారు. జాకెట్టు తీసి బల్ల మీద పరిచారు. పక్కలు చక్కగా వదులు చేశారు, తుప్పు పట్టిన హుక్కులు తీసి కొత్తవి వేశారు. చంక కింద చినుగు మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది.

"ఇదేంటి మాస్టారూ?"

"మీరే వదిలెయ్యమన్నారు గదమ్మా."

అర్థం కాక చూస్తున్నాను. ఆయన జాకెట్టు తిరగేసి, ఇంకా చెరగని సుద్ద సున్నా మీద వేలు పెట్టారు. సున్నా చినుగు చుట్టూ లేదు. దాని పై కొసన ఉంది. అందులో, ఎర్ర పట్టు మీద, పచ్చదారంతో వేసిన నాలుగు కుట్లు. వంకరటింకరగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. చివర ముడి మరీ పెద్దది. అలా ముడి వేసే మనిషి నాకు తెలుసు. బిస్కెట్ల డబ్బాలో దారాలు పెట్టుకుని, ఎర్రది దొరక్కపోతే చేతికందింది ఎక్కించి, "లోపలే గదా, ఎవరు చూడొచ్చారు" అనేది.

"పాత చినుగమ్మా. చెమటకి చంకల్లో పట్టు చివికిపోద్ది. పక్క కుట్టు విప్పంగానే నోరు తెరిచింది. ఇవి విప్పి ఎర్రదారంతో రఫ్పు చెయ్యనా, ఉంచనా అని..." ఆగి, సుద్దముక్క అటూ ఇటూ దొర్లించారు. "మీ అమ్మగారి చేతి కుట్టేమోనని."

మా చిన్నమామయ్య పెళ్లి గుర్తొచ్చింది. నాకప్పుడు ఏడో ఎనిమిదో. అమ్మ ఈ చీరే కట్టుకుంది. పెళ్లి జరిగినంతసేపూ కుడిచెయ్యి ఒంటికి ఆనించుకునే ఉంది. అక్షింతలు ఎడంచేత్తో వేసిందని మా నాయనమ్మ అందరి ముందూ కేకలేసింది. అమ్మ మాట్లాడలేదు, పమిట ఇంకా నిండుగా కప్పుకుంది. ఎందుకో ఇన్నేళ్లకి ఆ బల్ల దగ్గర తెలిసింది.

"నేను మీ చేతిలో చినిగిందనుకున్నాను మాస్టారూ," అన్నాను. దాచుకోవాలనిపించలేదు.

ఆయన ముఖం చిన్నబోయింది. తర్వాత నెమ్మదిగా లెక్క కట్టుకున్నట్టున్నారు.

"అట్లా అనుకునే పరవాలేదని రాశారా అమ్మా?"

"ఊఁ."

"మరి ఒక్క మాట అడగలేదేం?"

"మీరు మాత్రం ఒక్క మాట రాశారా?"

మాస్టారు నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం. పైపళ్లలో ఒకటి లేదు. నవ్వు ఆపుకుంటూ సొరుగు లాగి, చేతివెడల్పు ఎర్ర లైనింగు ముక్క బయటికి తీశారు. అంచులు మడిచి ఇస్త్రీ చేసి సిద్ధంగా ఉంది. నేనొచ్చి అడుగుతానేమోనని ఎప్పుడో కత్తిరించి పెట్టుకున్నారట.

"లోపలి నుంచి దన్ను వేస్తే సరిపోద్ది. పచ్చ కుట్లు కదలవు. పాప చెయ్యెత్తినా ఏం కాదు."

"ఇప్పుడే వేస్తారా?"

తల ఊపారు. మిషను జోలికి పోకుండా చేతిసూది తీశారు. ఎర్రదారం కొస నోట్లో తడిపి రెండుసార్లు ఎక్కించబోయారు, పక్కకి పోయింది. కళ్లజోడు పైకి తోసుకుని మళ్లీ ప్రయత్నించారు. నేను సంచి కింద పెట్టి చెయ్యి చాపాను. ఆయన ఒక క్షణం ఆగి, సూదీ దారం నా అరచేతిలో పెట్టారు.