లోపభూయిష్టమైన ఫ్రిజ్ విషయమై దావాకు ముందు ఇస్తున్న నోటీసు, ఫిర్యాదు

విశాఖపట్నం,
16 ఫిబ్రవరి 2026.
(స్పీడ్ పోస్టు, ఈమెయిల్ ద్వారా)

స్వీకర్తలు:
మేనేజింగ్ డైరెక్టర్, ఫ్రిజ్ తయారీ సంస్థ (వారంటీ కార్డుపై ముద్రించిన రిజిస్టర్డ్ కార్యాలయ చిరునామాకు);
యజమాని, అమ్మకందారు షోరూమ్, ద్వారకానగర్, విశాఖపట్నం;
గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారు, విశాఖపట్నం (వినియోగదారుల రక్షణ చట్టం, 2019, సెక్షన్ 17 కింద ఫిర్యాదుగా).

విషయం: వారంటీ కాలంలోనే చెడిపోయిన డబుల్ డోర్ ఫ్రిజ్‌కు చెల్లించిన ధర, జరిగిన నష్టం, పరిహారం కలిపి రూ. 78,890 చెల్లించవలసిందిగా కోరుట గురించి.

అయ్యా,

నేను విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ నివాసిని. 12 ఏప్రిల్ 2025న రెండవ స్వీకర్త అయిన ద్వారకానగర్ షోరూమ్‌లో, మొదటి స్వీకర్త తయారు చేసిన డబుల్ డోర్ ఫ్రిజ్‌ను మా ఇంటి వాడకం కోసం రూ. 43,500 చెల్లించి కొన్నాను. దానికి వస్తువు మొత్తంపై ఏడాది, కంప్రెసర్‌పై పదేళ్లు వారంటీ ఉన్నట్లు కార్డుపై షోరూమ్ ముద్రతో సహా రాసి ఇచ్చారు. ఆ ఏడాది గడువు నేటికీ ముగియలేదు.

ఆగస్టు నెలలో కింది అరలో చల్లదనం తగ్గడం మొదలైంది. కంప్రెసర్ రాత్రింబవళ్లు ఆగకుండా తిరుగుతున్నా ఉదయం పెట్టిన పాలు సాయంత్రానికి విరిగిపోయేవి. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఫిర్యాదు చేయగా, సెప్టెంబరులో టెక్నీషియన్ వచ్చి గ్యాస్ తగ్గిందని చెప్పి నింపి వెళ్లారు. లీకు ఎక్కడుందో వెతకలేదు. నవంబరులో మళ్లీ అదే పరిస్థితి వచ్చింది. ఈసారి వచ్చిన టెక్నీషియన్ ఫ్రిజ్ వెనుక బయటికి కనిపించే అతుకులన్నిటికీ నా ఎదుటనే సబ్బు నురుగు పూసి చూశారు. ఎక్కడా బుడగ రాలేదు. లీకు లోపలి లైన్లో ఉందని, బాడీ కోస్తే తప్ప దొరకదని ఆయనే చెప్పారు. అయినా మళ్లీ గ్యాసే నింపి, జాబ్ కార్డుపై మాత్రం “సముద్రపు గాలి వల్ల తుప్పు, వారంటీ వర్తించదు” అని రాసి నా వద్ద రూ. 2,950 వసూలు చేశారు. ఆ గ్యాస్ కూడా నిలవలేదు. జనవరి నుంచి కింది అరలో పెట్టిన థర్మామీటరు ఏ పూట చూసినా 14 డిగ్రీలకు తగ్గడం లేదు.

జాబ్ కార్డుపై రాసిన ఆ కారణాన్ని నేను పూర్తిగా తిరస్కరిస్తున్నాను. తుప్పు పట్టి చిల్లు పడి ఉంటే, గాలి తగిలే బయటి గొట్టాలకు, అతుకులకే ముందు పడాలి; వాటిలో లీకు లేదని తేల్చింది మీ టెక్నీషియనే. ఫ్యాక్టరీలో ఫోమ్ పోసి మూసేసిన గొట్టానికి మా ఇంటి గాలి ఎలా తగిలిందో, కొన్న కొద్ది నెలల్లోనే దాన్ని ఎలా తినేసిందో మీరు లిఖితపూర్వకంగా వివరించాలి. పైగా వారంటీ కార్డులోని మినహాయింపుల్లో సముద్రతీర వాతావరణం అన్న మాటే లేదు. విశాఖపట్నం సముద్రపు ఒడ్డున ఉన్న ఊరని తెలిసే ఇక్కడ షోరూమ్ పెట్టి, ఇదే సరుకు అమ్మి, ఇక్కడి ధర తీసుకున్నవారు, చెడిపోయినప్పుడు ఆ సముద్రాన్నే సాకుగా చూపడం న్యాయం కాదు.

ఇందులో భద్రతకు సంబంధించిన అంశం కూడా ఉంది. ఈ ఫ్రిజ్‌లో వాడినది ఆర్-600ఏ గ్యాస్ అని దాని వెనుక లేబుల్‌పైనే ఉంది. అది ఐసోబ్యూటేన్, మండే స్వభావం గల వాయువు. ఇలాంటి గృహోపకరణాల్లో అది పదుల గ్రాముల్లోనే ఉంటుంది కనుక చిన్న లీకుకే చల్లదనం పడిపోతుంది. లీకు మూయకుండా మళ్లీ మళ్లీ నింపితే ఆ వాయువు ఇంట్లోకే వస్తుంది. పిల్లలు, పెద్దవారు తిరిగే వంటింట్లో పని చేసి వెళ్లేవారికి ఈ సంగతి తెలియదని నేను అనుకోను.

మా అమ్మగారికి 71 ఏళ్లు, మధుమేహం ఉంది. తెరవని ఇన్సులిన్ సీసాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఈ ఫ్రిజ్‌ను నమ్మి తలుపు అరలో పెట్టిన సీసాలను వాడవద్దని వైద్యులు చెప్పడంతో రూ. 3,840 విలువైన మందు పారవేయవలసి వచ్చింది. ఆ తరువాత మందు కోసమే నెలకు రూ. 1,200 చొప్పున చిన్న ఫ్రిజ్‌ను అద్దెకు తెచ్చుకున్నాము. మూడు నెలలకు రూ. 3,600 అయింది. డబ్బు సంగతి అటుంచితే, సీసా చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఇది పనిచేస్తుందా లేదా అని ఆమె నన్ను అడగవలసి రావడం నాకు మిక్కిలి బాధాకరం.

పై కారణాల వల్ల, ఈ వస్తువులో ఉన్నది చట్టంలోని సెక్షన్ 2(10) నిర్వచించిన లోపమని, లీకు సరిచేయకుండా గ్యాస్ నింపి పంపడం సెక్షన్ 2(11) కింద సేవాలోపమని, కార్డులో లేని మినహాయింపును చూపి వారంటీ కాలంలో డబ్బు తీసుకోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని తెలియజేస్తున్నాను. అందువల్ల, ఈ నోటీసు అందిన 15 రోజుల్లోగా మొదటి, రెండవ స్వీకర్తలు ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యత వహించి, ఫ్రిజ్ ధర రూ. 43,500, అక్రమంగా వసూలు చేసిన రూ. 2,950, మందు నష్టం రూ. 3,840, అద్దె రూ. 3,600, మానసిక వేదనకు పరిహారంగా రూ. 25,000, మొత్తం రూ. 78,890 నాకు చెల్లించాలి. ఇందులో ఫ్రిజ్ ధరపై కొన్న తేదీ నుంచి ఏటా 9 శాతం వడ్డీ అదనం. సొమ్ము అందిన వెంటనే పాత ఫ్రిజ్‌ను మీ ఖర్చుతో మీరు తీసుకుపోవచ్చు. ధర వాపసుకు బదులు అదే సామర్థ్యం గల కొత్త ఫ్రిజ్‌ను, కొత్తగా మొదలయ్యే వారంటీతో ఇవ్వదలిస్తే అందుకు నేను అంగీకరిస్తాను. అప్పుడు మిగిలిన రూ. 35,390 మాత్రం చెల్లించాలి. మరోసారి గ్యాస్ నింపుతామన్న ప్రతిపాదనను మాత్రం అంగీకరించను.

గడువులోగా పరిష్కారం చూపని పక్షంలో, నా నివాసం విశాఖపట్నంలోనే ఉన్నందున సెక్షన్ 34 ప్రకారం ఇక్కడి జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాను. ఆ ఖర్చులు కూడా మీరే భరించవలసి ఉంటుంది. లీకు ఎక్కడుందో, ఎందుకు వచ్చిందో ప్రయోగశాల పరీక్షలో తేల్చమని సెక్షన్ 38 కింద కోరతాను. అందుకోసం ఫ్రిజ్‌ను ఎవరిచేతా విప్పించకుండా ఉన్నది ఉన్నట్లు భద్రపరిచాను.

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నా విన్నపం ఏమనగా, ఇది నా ఒక్కదాని నష్టంతో ఆగే విషయం కాదు. సముద్రపు గాలి అనే కారణం ఒప్పుకుంటే, భీమిలి నుంచి గాజువాక దాకా ఈ సరుకు కొన్న ప్రతి ఇంటికీ వారంటీ కాగితానికే పరిమితమవుతుంది. కనుక ఈ సంస్థ మన జిల్లాలో ఇదే కారణం చూపి ఎన్ని వారంటీ ఫిర్యాదులను తిరస్కరించిందో, ఎంత సొమ్ము వసూలు చేసిందో రికార్డులు తెప్పించి, సెక్షన్ 16 కింద విచారణ జరిపించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

కొనుగోలు బిల్లు, వారంటీ కార్డు, రెండు జాబ్ కార్డులు, రూ. 2,950 రసీదు, మందుల బిల్లు, వైద్యుల చీటీ, అద్దె రసీదులు, థర్మామీటరు రీడింగుల ఫోటోలు, వీటి నకళ్లు జతచేశాను. అసలు పత్రాలు నా వద్ద ఉన్నాయి. చెల్లింపును, జవాబును కొనుగోలు బిల్లుపై ఉన్న నా చిరునామాకే పంపగలరు.

ఇట్లు,
(సంతకం)
పి. సూర్యకుమారి,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం.