పాలిటీ సారాంశం ఫైళ్ల గురించి అనూషకు ఉత్తరం

హనుమకొండ,
శనివారం రాత్రి

అనూ,

రాజ్యాంగం పేపర్ సారాంశం మార్చడం ఇవాళ్టికి పూర్తయింది. `polity.zip` నీకు మెయిల్ చేశాను. పరీక్షకు ఇంకా తొమ్మిది రోజులుంది కాబట్టి దాన్ని ఎలా వాడుకుంటే బాగుంటుందో రాస్తున్నాను.

పోయిన సెమిస్టర్‌లో నేను పంపిన పీడీఎఫ్ తెరిస్తే "ఖాళీ" అని మాత్రమే వినిపించిందని చెప్పావు. అవన్నీ ఫొటోలని నాకు అప్పుడు తట్టలేదు. దానివల్ల నీకు నాలుగు రోజులు పోయాయి. ఆ బాధ నాకింకా ఉంది, అందుకే ఈసారి మొదటి నుంచీ జాగ్రత్తపడ్డాను. సార్ ఇచ్చిన నోట్స్ అను ఫాంట్‌లో ఉంది. దాన్ని అలాగే పంపితే నీ స్క్రీన్ రీడర్ NVDA అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు చదువుతుంది. అందుకని యూనికోడ్‌లోకి మార్చి, ఒక్కో యూనిట్‌ను ఒక్కో HTML ఫైలుగా పెట్టాను. మార్చినప్పుడు చాలాచోట్ల క్రావడి పక్క అక్షరానికి అంటుకుంది. "ప్రాథమిక", "ప్రభుత్వం" లాంటివి చూసినంతవరకు దిద్దాను. ఎక్కడైనా పదం వింతగా వినిపిస్తే తప్పు నీ చెవిది కాదు, ఫైల్‌దే. నాకు చెప్పు.

NVDA సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. ఫైల్ ఎలా కట్టానో మాత్రం చెప్తాను. యూనిట్ పేరు మొదటి స్థాయి హెడింగ్, ప్రశ్న రెండో స్థాయి, జవాబులోని పాయింట్లు మూడో స్థాయి. అంటే `2` నొక్కితే తర్వాతి ప్రశ్నకు వెళ్తావు, `3` నొక్కితే పాయింటుకు. దయచేసి మొదటి నుంచి చివరిదాకా ఏకధాటిగా వినొద్దు. అలా వింటే అంతా తెలిసినట్టే ఉంటుంది, హాల్లో కూర్చున్నాక ఏదీ గుర్తురాదు. ప్రశ్న వినగానే `Ctrl` నొక్కి ఆపు. జవాబు పైకి చెప్పు, రాసే అమ్మాయికి చెప్తున్నట్టే, నెమ్మదిగా, "కొత్త పేరా" అని కూడా అంటూ. ఆ తర్వాతే కింది పాయింట్లు విని ఏది వదిలేశావో చూసుకో. నీకు మూడు గంటల పేపర్‌కు ఇంకో గంట అదనంగా ఇస్తారు. కానీ చెప్పి రాయించడం అలవాటు లేకపోతే ఆ గంట ఇట్టే అయిపోతుంది.

ముందు `unit3.html` తెరువు. బిల్లు చట్టమయ్యే దారి అందులోనే ఉంది. సార్ దాన్ని బోర్డు మీద బాణాలతో గీశారు కదా, నేను మాటల్లోకి మార్చాను. "ఒకటో మెట్టు, రెండో మెట్టు" అని వస్తుంది. ద్రవ్య బిల్లు దగ్గర దారి చీలుతుంది: అది లోక్‌సభలోనే మొదలవ్వాలి, రాజ్యసభ 14 రోజుల్లో తిరిగి పంపాలి, దానికి ఉమ్మడి సమావేశం ఉండదు. ఆ చీలిక దగ్గర రెండుసార్లు ఆగు. బొమ్మ చూసిన మేమే అక్కడ తడబడుతున్నాం.

ఏడో షెడ్యూల్ పట్టికను కూడా తీసేసి వాక్యాలుగా రాశాను. మొదట్లో కేంద్ర జాబితాలో 97, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47 అంశాలు. గడులు ఒక్కొక్కటే వింటూ పోతే ఏ అంకె ఏ జాబితాదో తెలియడం లేదని నువ్వే అన్నావు.

అంకెల విషయంలో మాత్రం `unit5.html` ను గుడ్డిగా నమ్మొద్దు. మిగతా నాలుగూ ప్రింటుతో రెండుసార్లు సరిచూశాను. అయిదోది జిరాక్సును స్కాన్ చేసింది, 3 పోయి 8 అవుతోంది. 73వ సవరణ ఒకచోట 78 అయింది, అది దిద్దాను. ఇంకా అనుమానం ఉన్న చోట ముందు `@@` పెట్టాను. `NVDA+Ctrl+F` నొక్కి వెతికితే దొరుకుతాయి. ఏడెనిమిది ఉంటాయి, సోమవారం సార్‌ను అడిగి నీకు చెప్తాను. అప్పటిదాకా వాటిని బట్టీ పట్టకు.

`audio` ఫోల్డర్‌లో నా గొంతుతో చదివిన రెండు ఎంపీ3లు ఉన్నాయి. ఒకటి ఆర్టికల్ నంబర్లు, ఇంకొకటి సవరణలు: 42వది 1976, 44వది 1978, 86వది 2002, అలా. బస్సులో వస్తున్నప్పుడు విను. నంబర్ తర్వాత కాసేపు ఆగాను, ఆ లోపల నువ్వు చెప్పాలి.

మూడో యూనిట్ అయ్యాక ఫోన్ చెయ్యి. ఎంత ఆలస్యమైనా పర్వాలేదు. నేను ప్రశ్న అడుగుతాను, నువ్వు చెప్తుంటే రాస్తాను. నీ వేగానికి రాసేవాళ్ల చెయ్యి అందుకుంటుందో లేదో అప్పుడు తెలుస్తుంది. అమ్మకు నమస్కారాలు చెప్పు.

నీ
లావణ్య