వుడ్ – అడగడం, అలవాటు, ఊహ: కలగలుపు ఖాళీలు
(శనివారం సాయంత్రం బ్యాచ్, స్పోకెన్ ఇంగ్లిష్ అభ్యాసం)

ఇది నోటితో చేసే అభ్యాసం. అందుకే ఇంగ్లిష్ వాక్యాలను తెలుగు అక్షరాల్లోనే ఇచ్చాను. పెన్ను పక్కన పెట్టి, ఒక్కో వాక్యం పైకి చదువుతూ ఖాళీని నోటితోనే నింపండి.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి. వుడ్ అంటే భయపడతారు గానీ, దాని పని మనకు కొత్తేం కాదు. "తాతయ్య రోజూ కథ చెప్పేవాడు" అంటాం. "అడిగితే తాతయ్య కథ చెప్పేవాడు" అని కూడా అంటాం. మొదటిది జరిగిన అలవాటు. రెండోది జరగనిది, ఎందుకంటే మనం అడగలేదు. రెండు చోట్లా మాట "చెప్పేవాడు" ఒక్కటే. ఇంగ్లిష్‌లో వుడ్ కూడా సరిగ్గా ఇలాగే రెండు పడవల మీద కాళ్లేస్తుంది. మర్యాదగా అడగడం దాని మూడో పని. అక్కడ మనం "కాస్త తలుపు వేస్తారా?" అంటాం కాబట్టి ఆ పోలిక పనికిరాదు.

ఖాళీలు నింపండి. ప్రతి వాక్యం చివర వాడాల్సిన క్రియ ఉంది. అన్నిటికీ వుడ్ సరిపోదు, రెండు చోట్ల బోల్తా కొట్టించేవి పెట్టాను.

1. వెన్ వీ వర్ చిల్డ్రన్, అవర్ గ్రాండ్‌మదర్ ____ అస్ ఎ స్టోరీ ఎవ్రీ నైట్. – టెల్
2. ____ యు ____ ది విండో, ప్లీజ్? – క్లోజ్
3. ఇఫ్ ఐ హ్యాడ్ ఎ బైక్, ఐ ____ యు ఎట్ ది స్టేషన్. – డ్రాప్
4. మై గ్రాండ్‌ఫాదర్ ____ ఎ బిగ్ మస్టాష్. – హ్యావ్
5. వుడ్ యు మైండ్ ____ ఎ లిటిల్? – మూవ్
6. ఎవ్రీ సమ్మర్ మై అంకుల్ ____ అస్ మ్యాంగోస్ ఫ్రమ్ నూజివీడు, బట్ హీ ఈజ్ టూ ఓల్డ్ నౌ. – బ్రింగ్
7. ఇఫ్ యు హ్యాడ్ టోల్డ్ మీ ఎస్టర్‌డే, ఐ ____ ది టికెట్. – బుక్
8. ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో, వీ ____ ఎట్ హోమ్. – స్టే
9. విత్ ఎ లిటిల్ మోర్ సాల్ట్, దిస్ పప్పు ____ పర్‌ఫెక్ట్. – బీ
10. హీ ____ అస్ వెన్ వీ లివ్డ్ ఇన్ కాకినాడ. – హెల్ప్
11. హీ ____ అస్ ఇఫ్ హీ లివ్డ్ ఇన్ కాకినాడ. – హెల్ప్

జవాబులు

1, 6 పాత అలవాట్లు: వుడ్ టెల్, వుడ్ బ్రింగ్. ఎవ్రీ నైట్, ఎవ్రీ సమ్మర్ అనే మాటలే ఆనవాలు. 2 అడగడం: వుడ్ యు క్లోజ్.

4లో చాలామంది వుడ్ హ్యావ్ అంటారు. తప్పు. మీసం ఉండటం పని కాదు, స్థితి. వుడ్‌తో పాత అలవాటు చెప్పాలంటే అది మళ్లీ మళ్లీ చేసిన పని అయ్యుండాలి. ఉండటం, తెలియడం, ఇష్టపడటం లాంటివాటికి యూజ్డ్ టు. కాబట్టి యూజ్డ్ టు హ్యావ్.

5లో మూవింగ్. మైండ్ తర్వాత వెంటనే క్రియ వస్తే ఇంగ్ రూపమే. ఇక్కడ అసలు ఇబ్బంది ఖాళీలో లేదు, బదులు చెప్పడంలో ఉంది. "జరగడం మీకు అభ్యంతరమా?" అన్నది ప్రశ్న. జరుగుతానని చెప్పాలనుకుని "యెస్" అంటే "అవును, అభ్యంతరమే" అన్నట్టు వినిపిస్తుంది. బస్సులో పక్కాయన మొహం చిన్నబోతుంది. "నో, నాట్ ఎట్ ఆల్" అనండి.

3 ఊహ: వుడ్ డ్రాప్. బైక్ లేదు, దింపడం లేదు. ఇక్కడ "ఇఫ్ ఐ వుడ్ హ్యావ్ ఎ బైక్" అనకండి. ఇఫ్ ఉన్న ముక్కలో హ్యాడ్, రెండో ముక్కలో వుడ్. 7లో నిన్నటి రోజు దాటిపోయింది కాబట్టి వుడ్ హ్యావ్ బుక్డ్. "చెప్పి ఉంటే బుక్ చేసి ఉండేవాణ్ణి" అని మనం "ఉండే" చేర్చినట్టే అక్కడ హ్యావ్ చేరుతుంది.

8 రెండో బోల్తా. రేపు వాన నిజంగా పడొచ్చు, ఊహ కాదు. విల్ స్టే.

9లో ఇఫ్ కనిపించకపోయేసరికి తడబడతారు. "ఇంకాస్త ఉప్పు పడితే" అన్న షరతు విత్‌లో దాక్కుని ఉంది. వుడ్ బీ.

10, 11 రెంటికీ వుడ్ హెల్ప్. ఖాళీలో తేడా లేదు, తోకలో ఉంది. వెన్ వీ లివ్డ్ అంటే అప్పుడు మేం కాకినాడలో ఉన్నాం, ఆయన సాయం చేసేవాడు. ఇఫ్ హీ లివ్డ్ అంటే ఆయన అక్కడ లేడు, ఉంటే సాయం చేసేవాడు. తెలుగులోనూ "చేసేవాడు" మారలేదు చూశారా! అందుకే వాక్యం చివరి దాకా వినకుండా వుడ్‌కి అర్థం కట్టొద్దు.

వచ్చే శనివారానికి: మీ చిన్నప్పటి అలవాట్లు మూడు, పక్కింటివాళ్లను అడగాల్సినవి రెండు, లాటరీ తగిలితే చేసేది ఒకటి తయారుచేసుకుని రండి. వరసలో వద్దు, కలిపేసి చెప్పండి. ఏది ఏదో మిగతావాళ్లు పట్టుకోవాలి.