కేస్ సమ్మరీ: కాంప్లెక్స్ పీటీఎస్‌డీ, ట్రామా ప్రాసెసింగ్‌కు ముందు

ఒంగోలు, 22 నవంబర్ 2025. నెలవారీ కేస్ చర్చ కోసం. గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఆమెను ఇక్కడ 'స' అంటాను.

స వయసు 34. ఏడో తరగతితో చదువు ఆగింది. పుట్టిల్లు కొండపి వైపు పల్లె. ప్రస్తుతం టంగుటూరులో అద్దె గది. సీజన్‌లో పొగాకు గ్రేడింగ్‌కు వెళ్తుంది, మిగతా రోజుల్లో దొరికిన కూలి. పదేళ్ళ కూతురు ఉంది. తాగి కొట్టే భర్త నుంచి విడిపోయి మూడేళ్ళు. జూన్‌లో సైకియాట్రిస్ట్ నా దగ్గరికి పంపినప్పుడు చీటీలో రాసింది ఇంతే: 'నిద్ర లేదు, కోపం, బోర్డర్‌లైన్?' ఇప్పటికి 16 సెషన్లు అయ్యాయి.

పది నుంచి పద్నాలుగేళ్ళ మధ్య, వరసకు మేనమామ అయ్యే మనిషి ఆమెపై పదే పదే లైంగిక హింస చేశాడు. ఆకు కాల్చే రోజుల్లో రాత్రుళ్ళు పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర మంట చూసుకునేవాడు. అన్నం క్యారియర్ ఇచ్చి రమ్మని ఈమెను పంపేవాళ్ళు. ఒకసారి తల్లికి చెప్పింది. 'మామే కదా, సరసమాడి ఉంటాడులే' అని తల్లి కొట్టిపారేసింది. జరిగినదానికంటే ఆ మాటే ఎక్కువ కోసిందని స రెండుసార్లు అంది. పద్దెనిమిదికి పెళ్ళి, ఆ తర్వాత పన్నెండేళ్ళకు పైగా దెబ్బలు. నాలుగేళ్ళ కిందట పురుగుమందు తాగి ఐసీయూలో ఉంది.

లక్షణాలు ఆమె మాటల్లోనే రాస్తాను. బ్యారన్ కాలే వాసన తగిలితే 'అక్కడే ఉంటాను మేడమ్, గుర్తు రావడం కాదు.' గ్రేడింగ్‌లో రోజంతా ఆకు మధ్యే కూర్చున్నా ఏమీ కాదు. కాలే వాసనే కావాలి. లైటు ఆర్పి పడుకోదు, తలుపుకు వీపు పెట్టదు. ఇవి పీటీఎస్‌డీ లక్షణాలు. వీటి మీద ఇంకో పొర ఉంది: చిన్న మాటకు కోపం ఎగసి, వెంటనే 'మొద్దుబారిపోతాను', 'నేను ఎంగిలి విస్తరిని', ఎవరు దగ్గరైనా తానే దూరం జరుగుతుంది. ఐసీడీ-11 ప్రకారం 6B41కి, అంటే కాంప్లెక్స్ పీటీఎస్‌డీకి, ఈ రెండు పొరలూ ఉండాలి, బతుకు దెబ్బతిని ఉండాలి. ఉన్నాయి. బోర్డర్‌లైన్ అనుకోకపోవడానికి కారణం: వదిలేసి పోతారన్న ఆరాటం లేదు, తన గురించిన అభిప్రాయం రోజుకోలా మారదు, ఎప్పుడూ ఒకేలా హీనంగా ఉంటుంది. గతంలో 'గొంతు వినిపిస్తోంది' అన్నందుకు రిస్పెరిడోన్ ఇచ్చారు. ఆ గొంతు ఆ మనిషిది, ఆనాటి మాటలే, వాసనతోపాటే వస్తుంది. ఫ్లాష్‌బ్యాక్‌గానే చూస్తున్నాం, ఆ మందు సైకియాట్రిస్ట్ ఆపేశారు.

ఇంట్లోవాళ్ళు గాలి సోకిందని కసుమూరు దర్గాకు తీసుకెళ్ళారు. 'ఆ రాత్రి ఆడవాళ్ళ మధ్య హాయిగా నిద్రపోయాను' అంది. తాయెత్తు గురించి నేనేం మాట్లాడలేదు. ఆడవాళ్ళ మధ్య నిద్ర పట్టిందన్న సంగతి మాత్రం రాసిపెట్టుకున్నాను.

రెండో సెషన్‌లో నేను తప్పు చేశాను. ఇన్నాళ్ళకు ఒకరు వింటున్నారన్న ఊపులో ఆమె మొత్తం చెప్పేయబోయింది, నేను ఆపలేదు. తిరుగు బస్సులో టంగుటూరు దాటిపోయి సింగరాయకొండలో తేలింది. మధ్యలో ఏం జరిగిందో తెలియదు. ఆ వారమే చేతి మీద కొత్త గాట్లు. వాస్తవం నుంచి తెగిపోవడాన్ని, అంటే డిసోసియేషన్‌ను, కొలిచే డీఈఎస్‌లో సగటు 34 వచ్చింది. అప్పటినుంచి కథ వివరాల్లోకి పోకుండా 'శీర్షికలు మాత్రమే' అని ఇద్దరం ఒప్పుకున్నాం.

దశలవారీ పద్ధతి గురించి. 1992లో జూడిత్ హెర్మన్ చెప్పిన క్రమం మనకు తెలిసిందే: ముందు భద్రత, తర్వాత జ్ఞాపకం, దుఃఖం, ఆపైన మళ్ళీ నలుగురిలో కలవడం. మొదటి దశ అందరికీ అవసరం లేదనీ, దాని పేరుతో అసలు చికిత్స వాయిదా పడుతోందనీ వాదన ఉంది. ఆ వాదనలో నిజం ఉంది. నేనూ 'ఇంకా సిద్ధం కాలేదు' అంటూ నా భయాన్ని క్లయింట్ మీదకి నెట్టిన సందర్భాలున్నాయి. అందుకే ఈ కేసులో ఆగడానికి కారణం స్పష్టంగా చెప్పాలి. ఆమె బలహీనురాలని కాదు. 'అది అయిపోయింది, ఇప్పుడు నువ్వు క్షేమం' అని మెదడుకు నేర్పడమే ప్రాసెసింగ్ పని. జూన్‌లో ఆ మాట అబద్ధం. ఆ మనిషి ప్రతి పండక్కీ పుట్టింటికి వస్తున్నాడు. స, కూతురు అదే ఇంట్లో ఉన్నారు. పిల్లకి ఇప్పుడు పదేళ్ళు.

కాబట్టి మొదటి పని శ్వాస వ్యాయామాలు కాదు, పిల్ల. మా మహిళా కౌన్సెలర్ పాపతో విడిగా మాట్లాడింది. ఏమీ జరగలేదని తేలింది. పోక్సో చట్టంలో అనుమానం ఉన్నా తెలియజేయాల్సిన బాధ్యత ఉందని స‌కు మొదటి రోజే చెప్పాను, దాచలేదు. పిల్ల ఒంటరిగా అతని కంట పడకూడదని నిర్ణయించుకున్నాక, జులైలో ఆమే గది చూసుకుంది. స‌పై జరిగింది ఆ చట్టం 2012లో రాకముందు. ఇప్పుడు ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా సలహా దొరుకుతుందని చెప్పాం. ఇంకా వెళ్ళలేదు.

రెండోది మందులు. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్న అల్ప్రజోలం మూడేళ్ళుగా వాడుతోంది. ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, వాడుతూ పోతే జ్ఞాపకంపై చేసే పని నిలవదు, మొద్దుబారడమూ పెరుగుతుంది. సైకియాట్రిస్ట్ నెమ్మదిగా తగ్గించుకుంటూ అక్టోబర్‌లో ఆపారు. సెర్ట్రలిన్ 100 మి.గ్రా. నడుస్తోంది. పుట్టింటి వసారాలో ఉండే పురుగుమందు డబ్బాలు అన్న చేత పొలం షెడ్డులో తాళంలో పెట్టించాం. గది గోడ మీద టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 నంబరు రాసుంది.

కళ్ళు మూసుకుని ఊపిరి గమనించమంటే ఆమెకు ఇంకా చెడ్డైంది. చీకటి, ఊపిరి చప్పుడు రెండూ ఆ రాత్రులవే. కళ్ళు తెరిచే చేశాం. కొంగున నిమ్మకాయ ఉంటుంది. గోరుతో గిల్లి వాసన చూసి 'ఇది టంగుటూరు, ఇది 2025, నాకు 34, పాప బడిలో ఉంది' అని పైకి అంటుంది. అక్టోబర్‌లో రోడ్డు మీద చెత్త కాల్చిన పొగకు మొదలైన ఫ్లాష్‌బ్యాక్‌ను రెండు నిమిషాల్లో తానే ఆపుకుంది. కోపానికి పేరు పెట్టడం, 'వద్దు' అనడం సాధన చేశాం. మేస్త్రీ కూలి కోసేస్తే నిలదీసి అడిగి తెచ్చుకుంది.

అంకెలు: ట్రామా లక్షణాలను కొలిచే ప్రశ్నావళి ఐటీక్యూలో పీటీఎస్‌డీ భాగం జూన్‌లో 20, ఇప్పుడు 18. భావోద్వేగం, ఆత్మభావన, సంబంధాల భాగం 21 నుంచి 14కి దిగింది. డీఈఎస్ 19. ఆగస్టు తర్వాత గాట్లు లేవు. రెండో భాగం కదిలి మొదటిది కదలకపోవడమే నేను చూపించదలచింది. మొదటి దశ చేయగలిగింది చేసింది. పీడకలలు అలాగే ఉన్నాయి. ఇంకో పది సెషన్లు నైపుణ్యాలు నేర్పినా అవి తగ్గవు.

ప్రతిపాదన: నెరేటివ్ ఎక్స్‌పోజర్. తాడు పరిచి, మంచి సంఘటనలకు పూలు, చెడ్డవాటికి రాళ్ళు పెట్టి పుట్టుక నుంచి వరసగా చెప్పే పద్ధతి కాబట్టి రాతపని ఆమెపై పడదు. హింస ఒకటి కాదు, చాలా ఏళ్ళది కాబట్టి వరస కూడా అవసరం. మొదటి పువ్వు ఏదని అడిగితే దర్గాలో రాత్రి అంది. సెషన్ 90 నిమిషాలు, చివరి ఇరవై వర్తమానానికే. తిరుగు ప్రయాణంలో తోటి కూలి మనిషి ఒకామె తోడుంటుంది. మళ్ళీ గాట్లు పడినా, బస్సులో లాగా కాలం తప్పిపోయినా రెండు వారాలు ఆగి పాత పనికి వస్తాం, చికిత్స మానం.

తేలనిది ఎప్పుడన్నదే. సంక్రాంతికి పుట్టింటికి రమ్మని తల్లి కబురు పెట్టింది, అతనూ వస్తాడు. ఆ తర్వాత మార్చి దాకా బ్యారన్లు కాలుతూనే ఉంటాయి. పొయ్యిలు చల్లారాక మొదలుపెడదామా అని ఒక ఆలోచన. అది ఆమె తప్పించుకోవడానికి మనం వంతపాడటమే అవుతుందని నాకనిపిస్తోంది. సంక్రాంతి దాటాక, జనవరి మూడో వారంలో మొదలుపెడదామని నా ఉద్దేశం. స‌ను అడిగితే కాసేపు నిమ్మకాయ తిప్పుతూ కూర్చుని, 'పండక్కి నేను పోను మేడమ్. అమ్మకు నేనే చెప్తాను' అంది. ఆ ఫోన్ డిసెంబర్ 6న, సెషన్‌లో, నా ఎదుటే చేస్తుంది.