మాషా అల్లా యాడ, ఇన్షా అల్లా యాడ: కొత్తగా వచ్చిన తమ్ముడికి

తమ్ముడూ, పొద్దున షోరూములో జనం ముందర నీకేం చెప్పలేకపోయినా. కువైట్‌లో మనముండే జిలీబ్ రూముకొచ్చి, అన్నం తిని, ఇప్పుడు తీరిగ్గా రాస్తాండా. పడుకునే ముందు ఒకసారి చదువుకో.

ఆ సోఫా కొన్న మేడమ్ చంకలో పాపను చూసి నువ్వు "వెరీ బ్యూటిఫుల్ బేబీ, వెరీ ఫ్యాట్" అని బుగ్గ పట్టుకున్నావు. నీ మనసులో ఏమీ లేదని నాకు తెలుసు. ఆమె మొహం మాడిపోయింది చూడు, పాప తల మీద చెయ్యి పెట్టుకుని పెదాల్లో ఏదో చదువుకునింది. నువ్వేమో లావు అన్నందుకు కోపమొచ్చిందేమో అనుకున్నావు. అది కాదు. నువ్వు మాషా అల్లా అనలేదు.

ఆ మాటకు అర్థం "అల్లా తలచింది ఇది" అని. బిడ్డ బాగుంది, కారు బాగుంది, ఇల్లు బాగుంది, నీ జీతం పెరిగింది, ఏది మెచ్చుకోవాలన్నా ముందు ఆ మాట పడాల. పడకపోతే నీ కంట్లో అసూయ ఉందేమో, దిష్టి తగులుతాదేమో అని వీళ్ళ భయం. మనకిది కొత్తా? మీ అమ్మ నీకు చిన్నప్పుడు ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసిందా లేదా? "నా దిష్టే తగిలేట్టుంది" అని మనోళ్ళు అంటారే, అట్లాంటిదే. మనం తర్వాత దిష్టి తీస్తాం, వీళ్ళు ముందే మాటతో అడ్డం పెడతారు. మన లారీకి ముందర నిమ్మకాయ కడతారు, ఇక్కడ కార్ల వెనక అద్దం మీద అరబ్బీలో మాషా అల్లా అని రాసుకుంటారు. రేపు రోడ్డు మీద చూడు, కనపడతాది.

ఇంకో సంగతి. పరాయోళ్ళ పిల్లల్ని ముట్టుకోవద్దు. అది మాటతో తీరేది కాదు.

ఇప్పుడు రెండో తప్పు. బాబా, అదే మన ఓనరు, నిన్ను "రేపటికి మంచాలు బిగిస్తావా" అని అడిగితే "మాషా అల్లా" అన్నావు. ఆ ఈజిప్ట్ అకౌంటెంట్ ఎందుకు నవ్వినాడో ఇప్పుడు అర్థమైందా? జరగబోయేదానికి ఇన్షా అల్లా, అంటే అల్లా తలిస్తే అని. కళ్ళ ముందర ఉన్నదానికి మాషా అల్లా. మంచం బిగించినాక ఆయన చూసి "మాషా అల్లా" అనాల, నువ్వు ముందుగా "ఇన్షా అల్లా" అనాల. రేపు, ఎల్లుండి, వచ్చే నెల, ఊరికి పోవడం, ఏదైనా సరే ఇన్షా అల్లా తగిలించు. మన ఇంట్లో "పోతా" అంటే "పోయొస్తా అనరా" అని తిడతారు కదా, ఆ జాగ్రత్తే ఇది.

కువైట్‌లో ఇన్షా అల్లాకు ఇంకో వాడుక ఉంది. బాబా "చాయ్ తీస్కరా" అంటే "ఇన్షా అల్లా" అను, "సరే సార్, తెస్తా" అని అర్థం. కానీ మన కాయితాల పని చూసే మందూబ్‌ను నీ అకామా, అదే ఇక్కడ ఉండే పర్మిట్, ఎప్పుడు కొడతావని అడిగినప్పుడు ఆయన "బుక్రా ఇన్షా అల్లా", అంటే రేపు అని, చెప్తే ఆ బుక్రాను పట్టుకుని కూర్చోవాకు. వాళ్ళు మొహం మీద లేదు అనలేక కూడా ఆ మాట అంటారు. గొంతును బట్టి తెలుసుకోవాల. పద్నాలుగేండ్లయింది నేనొచ్చి, నాకే ఒక్కోసారి తెలియదు.

అల్హమ్దులిల్లా అంటే పొగడ్తంతా అల్లాకే అని. ఇది తేలిక, పొద్దున్నుంచీ వాడొచ్చు. "ష్లోనక్" అంటే ఎట్లున్నావ్ అని. దానికి "గుడ్" అంటే చప్పగా ఉంటాది, "అల్హమ్దులిల్లా" అను. ఇంకొంచెం అన్నం పెడతామంటే పొట్ట మీద చెయ్యి పెట్టి అదే మాట అను, చాలు అని అర్థమైపోతాది. తినే ముందు బిస్మిల్లా, తిన్నాక అల్హమ్దులిల్లా.

తుమ్ము సంగతి మాత్రం కొంచెం తిరకాసు. మన దగ్గర పిల్లోడు తుమ్మితే పక్కనోళ్ళు "చిరంజీవ" అంటారు. ఇక్కడ తుమ్మినోడే ముందు అల్హమ్దులిల్లా అంటాడు. అది విన్నోళ్ళు "యర్హముకల్లా" అంటారు, అల్లా నిన్ను కరుణించాల అని. దానికి మళ్ళీ తుమ్మినోడు బదులు చెప్తాడు, ఆ బదులు పొడుగు, నువ్విప్పుడు నేర్చుకోబల్లే. అతను అల్హమ్దులిల్లా అనకముందే నువ్వు దీవించొద్దు, అంతే.

ఒకటి గుర్తు పెట్టుకో. అల్హమ్దులిల్లా అన్నారంటే అంతా బాగుందని కాదు. మన సూడాన్ డ్రైవర్ ఉన్నాడే, పోయినేడు వాళ్ళ నాయన ఆస్పత్రిలో ఉంటే రోజూ అడిగేవాణ్ణి. రోజూ అల్హమ్దులిల్లా అనేవాడు. నేను తగ్గుతాందేమో అనుకుంటి. ఒకరోజు స్టీరింగ్ మీద చెయ్యి అట్లే పెట్టుకుని, బండి స్టార్ట్ చెయ్యకుండా, "అల్హమ్దులిల్లా అలా కుల్లి హాల్" అన్నాడు. ఏ స్థితిలో ఉన్నా స్తోత్రమే అని. నాకప్పుడు తెలిసింది. ఆ నాలుగు మాటలు వినబడితే "గుడ్, గుడ్" అని నవ్వి పోవాకు. నిలబడు, ఏమైందని అడుగు. ఎవరన్నా చనిపోయినారని తెలిస్తే "అల్లా యర్హమహ్" అను. ఆడమనిషి పోయుంటే "అల్లా యర్హమ్హా". ఆ ఒక్కటి మాత్రం తప్పు పలకొద్దు, రూములో నాలుగుసార్లు అనుకుని పో.

మిగిలినవి చిన్నవి. పని చేసేవాడు కనపడితే "యాతీకల్ ఆఫియా", అంటే అల్లా నీకు ఓపికివ్వాల అని. నిన్ను ఎవరన్నా అంటే "అల్లా యాఫీక్" అని బదులు. ఊర్నుంచి తిరిగొచ్చినోణ్ణి, జ్వరం తగ్గి లేచినోణ్ణి "హమ్దిల్లా అస్సలామా" అని పలకరిస్తారు, దానికి "అల్లా యసల్మక్" అనాల. క్షౌరం చేయించుకుని వస్తే "నయీమన్" అంటారు, నిన్ను ఎగతాళి చేస్తున్నారనుకునేవు. వల్లాహి అనే మాట జోలికి పోవాకు, అది ఒట్టు. వీళ్ళు మాటకు ముందూ వెనకా వేస్తారు గానీ, "వల్లాహి ఇదే లాస్ట్ రేట్" అని నువ్వనేసి ఐదు దీనార్లు తగ్గిస్తే నీ మాటకు విలువుండదు. బాత్రూములో ఉన్నప్పుడు ఈ మాటలేవీ పలకరు, అదీ తెలుసుకో.

మనం హిందువులం కదన్నా, అనొచ్చా అని మొన్న అడిగినావు. ఆ ఈజిప్ట్ అకౌంటెంట్ మెడలో సిలువ చూసినావా? ఆయన దినమంతా అల్హమ్దులిల్లా అంటాడు. అరబ్బీలో దేవుడికి ఆ పేరే, అరబ్బీ బైబిల్లోనూ అదే. నీకు ఇష్టం లేకపోతే ఎవరూ బలవంతం చెయ్యరు, ఊరికే తల ఊపినా సరిపోతాది. నేను మాత్రం అంటా. మా అమ్మ "దేవుడి దయ వల్ల" అనేది, నాకు రెండూ ఒక్కటే వినబడతాయి.

రేపు పదికి ఆ మేడమ్ డైనింగ్ టేబుల్ చూడను మళ్ళీ వస్తాది. పాప కూడా వస్తాది. దూరంగానే నిలబడి, ముందు మాషా అల్లా, ఆ తర్వాతే మిగతా మాట. టేపు నా అల్మారాలో ఉంది, కొలతకు తీస్కరా. మొన్న నువ్వు తెచ్చింది అంగుళాల టేపు, వీళ్ళకు సెంటీమీటర్లు కావాల.