భూగర్భ నీటి సంప్ శుభ్రపరిచే పని: సురక్షిత పని విధానం

పత్రం సంఖ్య 3, రెండో కూర్పు. అమలు తేదీ: 2026 జనవరి 4.
స్థలం: విశాఖపట్నం, 48 ఫ్లాట్ల నివాస సముదాయం, ఏ బ్లాక్ కింది సంప్. పొడవు 5 మీటర్లు, వెడల్పు 3, లోతు 2. నిండితే 30,000 లీటర్లు. మూతలు రెండు, ఒక్కొక్కటి 60 సెంటీమీటర్ల చదరం.

ఎందుకు రాశాం

మూడు నెలలకోసారి చేసే పని కనుక అందరికీ అలవాటైపోయింది. ఆ అలవాటే మనకు చిక్కు తెచ్చింది. గత డిసెంబరులో నీళ్లు తోడే డీజిల్ ఇంజను మూత పక్కనే నడుస్తుండగా లోపల ఉన్న మనిషికి కళ్లు తిరిగాయి. తనంతట తానే పైకి రాగలిగాడు కాబట్టి సరిపోయింది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ గాలితో పాటు లోపలికి దిగిందని ఆ పూట అక్కడున్న ఎవరికీ తట్టలేదు.

తాగే నీటి సంపే కదా, ఇందులో విషవాయువు ఎక్కడిదని చాలామంది అడుగుతారు. మూసి ఉన్న చోట నాచు, బురద కుళ్లినా, ఇనుప నిచ్చెన తుప్పు పట్టినా ఆ గాలిలోని ఆక్సిజన్ తరిగిపోతుంది. పక్కనున్న సెప్టిక్ ట్యాంకు గోడ చెమ్మగిల్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ చేరవచ్చు. మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. మోతాదు బాగా పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. వాసన లేదు కాబట్టి దిగవచ్చనే మాట ఈ ఆవరణలో చెల్లదు.

దీపం దించి చూడటం కూడా ఈ రోజు నుంచి నిషేధం. ఆక్సిజన్ సుమారు 16 శాతానికి పడిపోయే వరకు కొవ్వొత్తి వెలుగుతూనే ఉంటుంది. మనిషి దిగడానికి మాత్రం కనీసం 19.5 శాతం ఉండాలి. పైగా లోపల మండే వాయువు ఉంటే ఆ దీపమే నిప్పంటిస్తుంది.

సెప్టిక్ ట్యాంకుకూ మురుగు గుంతకూ ఈ పత్రం వర్తించదు. ప్రమాదకరమైన రీతిలో వాటిని శుభ్రం చేయడానికి మనుషులను పెట్టడాన్ని 2013 చట్టం నిషేధించింది. వాటికి యంత్రాల లారీనే పిలవాలి.

ఎవరి పని ఏది

సంఘం కార్యదర్శి ఆ రోజు అనుమతి చీటీపై సంతకం చేస్తారు. చీటీ లేకుండా ఎవరూ సంప్‌లోకి దిగరాదు. సంతకం పంపు గది దగ్గర నిలబడి, గ్యాస్ మీటరు అంకెలు చూసిన తర్వాతే చేయాలి. ఇంట్లో కాఫీ తాగుతూ చేసిన సంతకం లెక్కలోకి రాదు.

గుత్తేదారు మేస్త్రీ మీటరు, బ్లోయరు, ముక్కాలి స్టాండు, చేతి వించి, ఒంటికి పూర్తిగా తొడిగే హార్నెస్ తెస్తాడు. మీటరు క్యాలిబ్రేషన్ గడువు దాటితే పని మరో రోజుకు వాయిదా.

ఎలక్ట్రీషియన్ మోటారు ఎంసీబీ దించి, తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే ఉంచుకుంటాడు.

పైన కాపలా మనిషికి ఒక్కటే పని: లోపలి మనిషిని చూస్తూ, మాట్లాడుతూ ఉండటం. బకెట్లు అందించడం, ఫోను చూడటం అతని పని కాదు. అతను కదలాల్సి వస్తే ముందు లోపలి మనిషి పైకి రావాలి.

వాచ్‌మన్ పిల్లలను దూరంగా ఉంచి, రెండు మూతల చుట్టూ అడ్డు కడతాడు. ప్రమాదం జరిగితే 108కీ 101కీ ఫోను చేసేది ఇతనే. గేటు తెరిచి దారి చూపేది కూడా ఇతనే.

పని క్రమం

1. ముందురోజు సాయంత్రం అన్ని ఫ్లాట్లకూ కబురు. ఉదయం 7 గంటలకు నీళ్లు తోడటం మొదలు. కరెంటు పంపుతోనే తోడాలి, దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ ఉండాలి. డీజిల్, పెట్రోలు ఇంజన్లను మూతల దగ్గరికి రానివ్వకూడదు.

2. అడుగున జానెడు నీరు మిగలగానే పంపు ప్లగ్గు పీకి, పంపును పైకి లాగాలి. కరెంటున్న పంపు నీటిలో ఉండగా ఎవరూ దిగరాదు. మోటారుకు తాళం వేసేది కూడా ఇప్పుడే. వేశాక స్టార్టరు నొక్కి, తిరగడం లేదని చూడాలి.

3. గోడలను పై నుంచే పొడవాటి బ్రష్షుతో, ఒత్తిడి నీటితో కడగాలి. దీనికి గంట పట్టినా పట్టనివ్వండి. మనిషి దిగకుండానే పని పూర్తయితే అంతకన్నా మంచిది లేదు. దిగాల్సింది మూలల్లో పేరుకున్న పూడిక తీయడానికి మాత్రమే.

4. రెండు మూతలూ తెరిచి, బ్లోయరు గొట్టం అడుగుకు 30 సెంటీమీటర్ల ఎత్తు దాకా దించి, కనీసం 20 నిమిషాలు తాజా గాలి కొట్టాలి. బ్లోయరు గాలి పీల్చే వైపు వాహనాలు నిలపరాదు. పని ముగిసే దాకా అది ఆగకూడదు.

5. మీటరును తాడుతో దించి పైన, మధ్యలో, అడుగున కొలవాలి. ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం లోపు, కార్బన్ మోనాక్సైడ్ 25 పీపీఎం లోపు, మండే వాయువు, అది అంటుకోవడానికి కావాల్సిన కనీస మోతాదైన ఎల్‌ఈఎల్‌లో 10 శాతం లోపు ఉండాలి. అంకెలన్నీ చీటీ మీద రాయాలి. ‘బాగానే ఉంది’ అని రాస్తే కుదరదు.

6. ఒక్కరే దిగాలి. హార్నెస్ తాడు వించికి తగిలించి ఉండాలి, మీటరు ఛాతీకి ఉండాలి. బ్యాటరీ లైటు తప్ప మరో దీపం వద్దు. 20 నిమిషాలకోసారి పైకి వచ్చి నీళ్లు తాగి, పావుగంట కూర్చోవాలి. మళ్లీ దిగే ముందు మళ్లీ కొలత.

7. మనిషి పైకి వచ్చాక 100 లీటర్ల నీటిలో 33 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరు 60 గ్రాములు కలిపి, పై నుంచే గోడలకు పిచికారీ చేయాలి. అరగంట తర్వాత కడిగి, ఆ నీటిని తోడేయాలి. తెల్ల మరకలు పోవడానికి ఆమ్లం తెస్తామంటే ఒప్పుకోకండి. అది బ్లీచింగుతో కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది.

8. పనిముట్లూ మనుషులూ లెక్క సరిపోయాకే మూతలు వేయాలి. మోటారు తాళం తీసేది దాన్ని వేసిన ఎలక్ట్రీషియనే. నింపిన తర్వాత క్లోరోస్కోప్‌తో చూస్తే లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి.

పని ఆపవలసిన చోట్లు

మీటరు కూస్తే, బ్లోయరు ఆగితే, కరెంటు పోతే, వాన పడితే, పక్క గోడ నుంచి నీరు ఊరుతుంటే, లోపలి మనిషి ఒక్క పిలుపుకు పలకకపోతే పని వెంటనే ఆగాలి. తల తిరిగినా, కళ్లు మండినా, ఏదో తేడాగా ఉందనిపించినా దిగిన మనిషి కారణం చెప్పకుండా పైకి రావచ్చు. ఆ రోజు కూలి పూర్తిగా ఇస్తాం. ఈ ఆవరణలో ‘ఆపండి’ అనే హక్కు వాచ్‌మన్‌కు కూడా ఉంది, ఎవరూ ఎదురు చెప్పరాదు.

లోపలి మనిషి పడిపోతే అతని వెనక ఎవ్వరూ దిగకూడదు. అన్నదమ్ములైనా, కన్న కొడుకైనా సరే. ఇలాంటి చోట్ల పోయేవారిలో చాలామంది కాపాడబోయిన వారే. వించితో పైకి లాగండి, బ్లోయరు ఆపకండి, కేకలు వేయండి. బయటికి తెచ్చాక శ్వాస లేకపోతే 108 వచ్చేదాకా ఛాతీని అదుముతూ సీపీఆర్ చేయాలి. తాడు తెగినా, చిక్కుకున్నా అగ్నిమాపక సిబ్బంది శ్వాస పరికరాలతో వచ్చే వరకు ఆగాల్సిందే. ఇది చదవడానికే కష్టంగా ఉంటుంది. కాబట్టి పని మొదలయ్యే ముందు మేస్త్రీ ఈ పేరా పైకి చదివి, ప్రతి ఒక్కరి చేత తిరిగి చెప్పించాలి. చదువు రాని వారికి ఇదే సంతకం.

తేదీలు, సమీక్ష

2026లో శుభ్రపరిచే రోజులు: మార్చి 8, జూన్ 14, సెప్టెంబరు 13, డిసెంబరు 13. అన్నీ ఆదివారాలే. వించితో 60 కిలోల ఇసుక బస్తాను పైకి లాగే అభ్యాసం ప్రతిసారీ దిగే ముందే జరగాలి.

ఈ పత్రానికి మొదటి సమీక్ష 2026 జులై 5న, రెండోది 2027 జనవరి 3న. కార్యదర్శితో పాటు సంప్‌లోకి దిగిన మనిషి కూడా ఆ సమావేశంలో కూర్చోవాలి. గుత్తేదారు మారినా, సంప్‌కు వాటర్‌ప్రూఫింగ్ పూత వేయించినా, పని ఒక్కసారి మధ్యలో ఆగినా తేదీ కోసం చూడకుండా వారంలోపు సమీక్షించాలి. పూత రసాయనాల ఆవిర్లను ఈ విధానం లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి ఆ సమీక్ష అయ్యేదాకా ఎవరూ దిగరాదు.

పంపు గది గోడపై ఉన్న మొదటి కూర్పును తీసి చించేశాం. దాని కాపీలు ఎవరి దగ్గరైనా ఉంటే వాచ్‌మన్‌కు ఇవ్వగలరు.